వార్షిక నివేదిక 2024–25: ఫిర్యాదుల రిజిస్టరులో పెండింగ్ రోజులు ఎవరి ఖాతాలోవి?

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనుల నివేదిక ఇది. జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో విడిగా ఇస్తున్నాం. వినాయక చవితి, బతుకమ్మ ఖర్చులు కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈసారి ఎక్కువ భాగం మెయింటెనెన్స్ ఫిర్యాదుల రిజిస్టరుకే కేటాయించాం. ఏడాది పొడవునా కమిటీకి వచ్చిన ఫోన్లు, మీటింగుల్లో జరిగిన వాదనలు చాలావరకు "మా ఫిర్యాదు ఎన్నాళ్ల నుంచి పెండింగ్‌లో ఉందో తెలుసా?" అన్న మాటతోనే మొదలయ్యాయి. ఎన్నాళ్లు అన్నది రిజిస్టరే చెబుతుంది. ఎందుకు ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అన్నది మాత్రం ఫిబ్రవరి దాకా అందులో లేదు.

మనవి స్టిల్ట్ మీద అయిదు అంతస్తులు, 40 ఫ్లాట్లు. ఏడాదిలో 193 ఫిర్యాదులు నమోదయ్యాయి. మార్చి 31 నాటికి 182 పూర్తయ్యాయి, 11 మిగిలాయి. నీళ్లు, డ్రైనేజీ పనులే ఎక్కువ. తర్వాత కరెంటు, ఆ తర్వాత లిఫ్టు. ప్లంబరు, ఎలక్ట్రీషియను మన జీతగాళ్లు కారు, పిలిస్తే వచ్చి పనికింత అని తీసుకునేవాళ్లు. లిఫ్టుకు మాత్రం ఏడాది కాంట్రాక్టు ఉంది.

వాట్సాప్ గ్రూపు సంగతి ముందే చెప్పాలి. గ్రూపులో పెట్టిన ఫొటో ఫిర్యాదు కాదు. దాని కింద పది మంది "మా ఇంట్లో కూడా" అని రాస్తారు, మధ్యలో ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెడతారు, సాయంత్రానికి ఆ ఫొటో ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. వాచ్‌మన్ గదిలో ఉన్న పుస్తకంలో రాసి నంబరు తీసుకున్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. లిఫ్టులో మనిషి ఇరుక్కున్నా, నల్లా ముట్టుకుంటే షాక్ కొట్టినా, మీటరు బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చినా పుస్తకం కోసం వెతకొద్దు. వెంటనే వాచ్‌మన్‌కు ఫోన్ చేయండి. షాక్ కొడితే ముందు మీ ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. నంబరు తర్వాత వేసుకోవచ్చు.

రిజిస్టరులో ఏం రాస్తున్నాం

పుస్తకంలో వరుసగా ఫిర్యాదు నంబరు, తేదీ, ఫ్లాటు, సమస్య ఎక్కడ ఉంది, ఏం కనిపిస్తోంది, పని అప్పగించిన టెక్నీషియన్, అప్పగించిన తేదీ, మొదటిసారి వచ్చి చూసిన తేదీ, ప్రస్తుత స్థితి, పూర్తయిన తేదీ, ఇంటివాళ్ల సంతకం ఉంటాయి. ఇదే సమాచారాన్ని జాయింట్ సెక్రటరీ గారు ప్రతి ఆదివారం కంప్యూటర్ షీట్‌లోకి ఎక్కిస్తారు. పెండింగ్ రోజులు అక్కడ వాటంతట అవే లెక్కకొస్తాయి. ఫిర్యాదు తేదీ B గడిలో, పూర్తయిన తేదీ J గడిలో ఉంటే సూత్రం ఇది:

```
=IF(B2="","",IF(J2="",TODAY()-B2,J2-B2))
```

పని పూర్తి కాకపోతే ఈ రోజు తేదీలోంచి, పూర్తయితే పూర్తయిన తేదీలోంచి ఫిర్యాదు తేదీని తీసేస్తుంది. మొదట్లో ఉన్న ఖాళీ పరీక్ష ఎందుకంటే, అది లేకపోతే తేదీ రాయని వరుసలో పెండింగ్ 45 వేల పైచిలుకు రోజులుగా కనిపిస్తుంది. షీట్ తన లెక్కను దాదాపు 1900 సంవత్సరం దగ్గర మొదలుపెడుతుంది మరి.

ఇంతకంటే చిక్కైనది తేదీల క్రమం. షీట్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే ముందు నెల, తర్వాత రోజు చదువుతుంది. మనం జూలై 3 అనుకుని 03/07 అని కొడితే అది మార్చి 7గా తీసుకుంటుంది. ఒక్క దెబ్బకు 118 రోజుల పెండింగ్ కలుస్తుంది. 13/07 అని కొడితే పదమూడో నెల ఉండదు కాబట్టి తేదీగా ఒప్పుకోదు, పక్క గడిలో `#VALUE!` అని తప్పు చూపిస్తుంది. నెలలో 13 నుంచి తప్పు పైకి కనిపిస్తుంది, 12 లోపు తేదీల్లో నోరు మెదపకుండా దాక్కుంటుంది. షీట్ సెట్టింగ్స్‌లో దేశాన్ని ఇండియాగా మార్చితే ఇది పోతుంది. వచ్చే ఏడాది ఎవరు ఈ పని చూసినా మొదట అది చూసుకోవాలి.

రోజుల లెక్కలో కమిటీ ఒక నియమం పెట్టుకుంది. టెక్నీషియన్ మారినా, పెయింటర్ నుంచి ప్లంబర్‌కు, ప్లంబర్ నుంచి మేస్త్రికి పని చేతులు మారినా ఫిర్యాదు తేదీ మారదు. అప్పగించిన తేదీ మాత్రమే మారుతుంది. ఇంటివాళ్లకు నీళ్లు కారడం మొదలైన రోజు ఒకటే కదా. రెండోది, పని అయిందని టెక్నీషియన్ చెబితే "పని చేశారు" అని మాత్రమే రాస్తాం. ఇంటివాళ్లు సంతకం పెట్టిన రోజే "పూర్తయింది". ఈ రెండు తేదీల మధ్య తేడా చాలాసార్లు ఒకటి రెండు రోజులే. చెమ్మ ఫిర్యాదుల్లో మాత్రం ఆ తేడానే ముఖ్యం. ఎందుకో కింది ఫిర్యాదు చూస్తే తెలుస్తుంది.

203 ఫ్లాటు బాత్రూం పైకప్పు

ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ మాటలు పడ్డ ఫిర్యాదు ఇదే. రెండు ఇళ్ల వాళ్లూ ఒప్పుకున్నాకే వివరంగా రాస్తున్నాం.

203 వాళ్లు ఆగస్టులో మొదటిసారి పుస్తకంలో రాసిన మాట "బాత్రూం పైకప్పుకు పెయింట్ వేయించాలి". పెయింట్ అని ఉంది కాబట్టి పని పెయింటర్‌కు వెళ్లింది. ఆయన ఊడిపోయిన పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి, రంగు వేశాడు. మూడు రోజుల్లో పూర్తి, సంతకం కూడా అయింది. కాగితం మీద ఇంత చక్కగా ముగిసిన ఫిర్యాదు ఇంకోటి ఉండదు. నిజానికి అక్కడ జరిగిందల్లా తడి మచ్చ కనపడకుండా పోవడం. లోపల నీళ్లు దిగుతూనే ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత కొత్త రంగు ఉబ్బి, చుక్కలు పడటం మొదలైంది.

డిసెంబర్ 9న మళ్లీ రాశారు. ఈసారి వాచ్‌మన్ అడిగి రాయించింది వేరుగా ఉంది: "బాత్రూం పైకప్పు, పైపు పక్కన తడి. ఉదయం పూట చుక్కలు." ఈ ఒక్క వాక్యంతో పని ప్లంబర్ చేతికి వెళ్లింది. సభ్యులను కోరేది కూడా ఇదే. ఏం చేయాలో రాయకండి, ఏం కనిపిస్తోందో, ఎప్పుడు కనిపిస్తోందో రాయండి. "మోటరు మార్చాలి" కాదు, "మోటరు నడుస్తోంది కానీ ట్యాంకులోకి నీళ్లు ఎక్కడం లేదు". మోటరు మార్చాలో ఫుట్ వాల్వ్ చూడాలో వచ్చినవాడు తేలుస్తాడు.

ప్లంబర్ 11న వచ్చి చూశాడు. పైఇంట్లోకి వెళ్లకుండానే తేల్చగలిగింది ముందు తేల్చాడు. పైకప్పు నుంచి నీళ్లు పడటానికి మూడు దారులు ఉంటాయి. పైఇంటికి నీళ్లు తెచ్చే లైను కారడం, వాడిన నీళ్లు బయటికి పోయే పైపు లేదా నహానీ ట్రాప్ దగ్గర కారడం, లేదంటే టైల్స్ సందుల్లోంచి నేల ద్వారా దిగడం. నీళ్లు తెచ్చే లైనులో ట్యాంకు నీళ్ల ఒత్తిడి రాత్రీ పగలూ ఉంటుంది. అది కారితే అర్ధరాత్రి కూడా ఆగకుండా కారాలి. మిగతా రెండూ పైన ఎవరైనా నీళ్లు వాడినప్పుడే కారతాయి. అందుకని ఆయన 203 వాళ్లను రాత్రి పదింటి నుంచి ఉదయం అయిదింటి వరకు ఒక బకెట్, అయిదు నుంచి పది వరకు ఇంకో బకెట్ పెట్టమన్నాడు. వరుసగా కొన్ని రోజులు పెట్టారు. రాత్రి బకెట్ అడుగు తడిసిందంతే. స్నానాల వేళ బకెట్లో మగ్గు నిండా నీళ్లు. నీళ్ల లైను బాగానే ఉందని దీంతో తేలింది. 18వ తేదీకి మిగిలిన ప్రశ్న ఒక్కటే, లోపం నహానీ ట్రాప్‌లోనా, నేలలోనా? అది తేలాలంటే 303 లోకి వెళ్లాలి.

అక్కడ పని ఆగింది. 303లో కిరాయికి ఉన్నవాళ్లు "ఓనర్ గారు చెప్పకుండా ఎవరినీ రానివ్వం" అన్నారు, వాళ్ల పక్షాన అది న్యాయమే. ఓనర్ గారు హైదరాబాద్‌లో ఉంటారు. ఫోన్ చేసిన ప్రతిసారీ "వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. అడిగింది టైల్స్ పగలగొడతామని కాదు, నీళ్లు నిలిపి చూస్తామని మాత్రమే. అయినా ఆయన భయం ఆయనది, పరీక్షకు ఒప్పుకుంటే ఖర్చుకు ఒప్పుకున్నట్టే అవుతుందేమోనని. సంక్రాంతికి వచ్చి, తిరిగి వెళ్లే ముందు జనవరి 18న సరే అన్నారు. ఆ ఒక్క మాట కోసం 31 రోజులు పోయాయి.

పరీక్ష రెండు రోజుల పని. నహానీ ట్రాప్ నోటిని గుడ్డ, ప్లాస్టిక్ సంచితో గట్టిగా బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలిపి, గోడ మీద పెన్సిల్‌తో నీటి మట్టం గీత పెట్టారు. కిరాయివాళ్లు ఒక రోజంతా రెండో బాత్రూం వాడుకున్నారు, వాళ్లకు కృతజ్ఞతలు. 24 గంటల తర్వాత గీత దగ్గర నీళ్లు దాదాపు అలాగే ఉన్నాయి, కింద పైకప్పు కొత్తగా తడవలేదు. అంటే నేల, టైల్స్ సందులు నీళ్లు ఆపుతున్నాయి. తర్వాత మూత తీశారు. నీళ్లు మోరీలోకి దిగుతుండగానే కింద పైపు చుట్టూ చుక్కలు మొదలయ్యాయి. లోపం నహానీ ట్రాప్ పైపుకు కలిసే జాయింటులో ఉంది. ఇది తెలియక బాత్రూం మొత్తం టైల్స్ తీయించి వాటర్ ప్రూఫింగ్ చేయించి ఉంటే ఖర్చు ఎన్నో రెట్లు అయ్యేది, చుక్కలు మాత్రం ఆగేవి కావు.

ఇక డబ్బు ఎవరిది అన్న వాదన. రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన 5 ఏళ్ల లోపు నిర్మాణ, పనితనం లోపాలు బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మనకు ఆ 5 ఏళ్లు దాటిపోయాయి, ఆ దారి లేదు. 303 ఓనర్ గారు "పైపు కింది ఇంట్లో వేలాడుతోంది కదా, వాళ్లే పెట్టుకోవాలి" అన్నారు. 203 వాళ్లు "నీళ్లు మీవి" అన్నారు. చివరికి మన పాత జనరల్ బాడీ తీర్మానం తీసి చూపించాల్సి వచ్చింది. నిలువుగా పోయే ఉమ్మడి పైపు అసోసియేషన్‌ది, ఒక ఇంటి నీళ్లను ఆ నిలువు పైపు దాకా తెచ్చే ట్రాపు, అడ్డపైపు ఆ ఇంటి ఓనర్‌వి, అవి కింది ఇంటి పైకప్పులో ఉన్నా సరే. ఈ ముక్క తేలడానికి మరో 10 రోజులు.

పని జనవరి 30న మొదలై ఫిబ్రవరి 5న అయింది. ట్రాప్ చుట్టూ నాలుగు టైల్స్ తీసి, పాత ట్రాప్ పీకి, కొత్తది పెట్టి, చుట్టూ ఖాళీని వాటర్ ప్రూఫ్ కెమికల్ కలిపిన సిమెంటుతో నింపి, ఆరాక పూత వేసి, టైల్స్ పెట్టే ముందు మళ్లీ నీళ్లు నిలిపి చూశారు. మేస్త్రి చాలాసార్లు ఎగ్గొట్టాలని చూసేది ఈ రెండో పరీక్షనే. టైల్స్ పెట్టాక తప్పు దొరికితే మళ్లీ పగలగొట్టాలి. ఆ తర్వాత 203 వాళ్లు ఆరు రోజులు బకెట్ పెట్టి చూసి, ఫిబ్రవరి 11న సంతకం పెట్టారు. పైకప్పు రంగు మాత్రం వేయలేదు. స్లాబ్ లోపలి తడి పూర్తిగా ఆరకముందే రంగు వేస్తే ఆగస్టు కథే మళ్లీ జరుగుతుంది. అది ఏప్రిల్ ఎండల్లో వేస్తాం.

మొత్తం 64 రోజులు.

64 రోజులు ఎవరివి

జనవరి నెలాఖరున నోటీసు బోర్డు మీద పెట్టిన జాబితాలో ఈ ఫిర్యాదు ఇలా ఉంది: 203, బాత్రూం లీకేజీ, టెక్నీషియన్: ప్లంబర్, పెండింగ్ 53 రోజులు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? ప్లంబర్ బద్ధకస్తుడనే. ఆయన వచ్చి కమిటీ ముందు అన్న మాట ఇది: "సార్, పైఇంట్లకు పోనియ్యకుంటే నేనేం జెయ్యాలె? బోర్డు మీద నా పేరు పక్కన రోజులు లెక్కపెడుతున్నరు, ఇగ నన్నెవరు పనికి పిలుస్తరు?" నల్గొండలో ఫోన్ చేస్తే ఎత్తి, చెప్పిన రోజు వచ్చే ప్లంబర్ దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. ఒక గడి తక్కువైనందుకు ఆయన్ని పోగొట్టుకునేవాళ్లం.

అందుకే ఫిబ్రవరి నుంచి "ఎవరి కోసం ఆగింది" అన్న గడి చేర్చాం. అందులో అయిదే మాటలు రాయాలి: టెక్నీషియన్, ఇంటివాళ్లు, సామాను, కమిటీ, పరిశీలన. స్థితి మారిన ప్రతిసారీ ఆ తేదీ కూడా రాయాలి. 203 ఫిర్యాదును ఆ లెక్కన విడదీస్తే ప్లంబర్ ఖాతాలో మొదటి 9 రోజులు, పరీక్షకు 2, పనికి 6, కలిపి 17. అనుమతి కోసం 31, డబ్బు వాదనకు 10 రోజులు ఇళ్లవాళ్ల ఖాతాలోవి. చివరి 6 పరిశీలనవి, అవి ఎవరి ఆలస్యమూ కాదు, ఉండాల్సినవే. పెండింగ్ మొత్తం మాత్రం 64 గానే చూపిస్తాం. ఇంటివాళ్లు ఎదురుచూసింది 64 రోజులు కదా, దాన్ని తగ్గించి చూపే హక్కు ఎవరికీ లేదు.

ఈ గడితో రాగల తంటా ఒకటి ముందే చెబుతాం. "సామాను కోసం" అని రాసేస్తే టెక్నీషియన్ ఖాతా ఆగిపోతుంది, కాబట్టి ప్రతిదీ సామాను మీదికి నెట్టే వీలుంది. అందుకని సామాను పేరు, ఎవరు తేవాలి, డబ్బు ఇచ్చారా లేదా అన్నది పక్కనే రాయకపోతే ఆ మార్పు ఒప్పుకోవడం లేదు. గడియారం సెంటర్ దాకా వెళ్తే దొరికే వాషర్ కోసం వారం రోజులు "సామాను" అని ఉండటం కుదరదు.

సగటు చూసి కంగారు పడొద్దు

ఫిబ్రవరి నివేదిక చూసి చాలామంది అడిగారు, అంతకుముందు మూడు రోజులున్న సగటు ఒక్కసారిగా 11 రోజులు ఎందుకైందని. ఆ నెలలో 18 ఫిర్యాదులు పూర్తయ్యాయి. వాటిలో 14 మామూలువి, సగటున 3 రోజుల్లో అయ్యాయి, అంటే 42 రోజులు. మిగతా నాలుగూ వారాల తరబడి నలిగినవి: 64, 41, 29, 22 రోజులు, కలిపి 156. మొత్తం 198ని 18తో భాగిస్తే 11. అంటే పాత బాకీలు తీర్చిన నెలే కాగితం మీద చెడ్డ నెలగా కనిపించింది. ఆ నాలుగింటినీ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే సగటు మూడే ఉండేది, ఎవరూ అడిగేవారు కాదు. పూర్తయినవాటి సగటుకున్న గుణమే అంత, పూర్తి కానిది అందులోకి రాదు.

అందుకని ఇకమీదట నెల నివేదికలో రెండు సంగతులు పక్కపక్కన ఇస్తాం. పూర్తయిన ఫిర్యాదులను రోజుల వరుసలో పెడితే సరిగ్గా నడిమిది ఎన్ని రోజుల్లో అయిందో ఒకటి. ఇంకా మిగిలినవాటిలో అన్నిటికంటే పాతది ఏది, ఎవరి కోసం ఆగింది అన్నది రెండోది. మొదటిది మామూలు పనులు ఎలా నడుస్తున్నాయో చెబుతుంది. రెండోది కమిటీని ఏం అడగాలో మీకు చెబుతుంది.

త్వరగా పూర్తయి, మళ్లీ మళ్లీ వచ్చేవి

పెండింగ్ రోజులకు చిక్కనిది ఇంకోటి ఉంది. "నల్లా సన్నగా వస్తోంది", "ఫ్లష్ ట్యాంక్ నుంచి నీళ్లు ఆగడం లేదు", ఈ రెండు రకాల ఫిర్యాదులు దాదాపు ప్రతి వారం వచ్చాయి. ప్రతిదీ ఒకటి రెండు రోజుల్లో పూర్తయింది. రోజుల లెక్కన చూస్తే ఇవే మన ఆణిముత్యాలు. ఫ్లాటు నంబరు ప్రకారం వరుస మార్చి చూసినప్పుడు, వీటిలో ఎక్కువ భాగం మెట్లవైపు ట్యాంకు కింద ఉన్న ఇళ్లవేనని తేలింది. ఆ ట్యాంకుకు బోరు నీళ్లే ఎక్కుతాయి. రెండో ట్యాంకులో మున్సిపాలిటీ నీళ్లు కూడా కలుస్తాయి.

కిట్‌తో చూస్తే బోరు నీటి కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం 200 లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఇలాంటి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు నల్లా మూతిలోని జాలీలో, ఫ్లష్ ట్యాంక్ వాల్వ్‌లో తెల్లపొరగా గడ్డకడతాయి. నల్గొండ కాబట్టి ఆ తెల్లపొర చూసి ఫ్లోరైడ్ అనుకునేవాళ్లు మనలో చాలామంది. ఫ్లోరైడ్ అలా కంటికి కనపడదు, రుచి కూడా మారదు, అది ల్యాబ్ పరీక్షలోనే తెలుస్తుంది. పొర లేదని బోరు నీళ్లు తాగడం కానీ, పొర ఉందని ఫ్లోరైడ్ ఉందనుకోవడం కానీ రెండూ తప్పే.

మన ప్లంబర్ నల్లాలు మారుస్తూ పోయాడు, ఆయనకు చెప్పిన పని అదే. నిజానికి చాలా నల్లాలకు మూతి జాలీ విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే సరిపోయేది. ఇప్పుడు రిజిస్టరులో "ఇదే చోట ముందు వచ్చిన నంబరు" అన్న గడి పెట్టాం. ఒకే చోట మూడోసారి వస్తే అది విడి ఫిర్యాదు కాదు, కమిటీ ముందుకు వస్తుంది. మెట్లవైపు ట్యాంకుకు మున్సిపాలిటీ నీళ్లు మళ్లించే పైపు పని మార్చిలో అయింది. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు మళ్లీ బోరు మీదే ఆధారపడాలి కాబట్టి ఈ ఫిర్యాదులు పూర్తిగా పోతాయని చెప్పలేం.

లిఫ్టు గురించి రెండు మాటలు చాలు. ఎక్కువ ఫిర్యాదులు తలుపు సరిగ్గా మూసుకోక ఆగిపోయినవే, కింద గాడిలో పడ్డ చెత్త వల్ల. ఊడ్చేటప్పుడు ఆ గాడిని కూడా శుభ్రం చేయమని చెప్పాక తగ్గాయి.

మిగిలిన 11

మార్చి 31 నాటికి మిగిలిన పదకొండింటిలో ఆరు ఇంటివాళ్ల అనుమతి కోసమో, డబ్బు కోసమో ఆగాయి. మూడు సామాను కోసం, ఒకటి టెక్నీషియన్ కోసం. చివరిది కమిటీ ఖాతాలో ఉంది, అదే అన్నిటికంటే పాతది. 501, 502 ఇళ్ల పైకప్పుల చెమ్మ, అక్టోబర్ 14న నమోదైంది, 168 రోజులు.

ఆరింటి విషయంలో సమావేశం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. కింది ఇంట్లో నీళ్లు కారుతుంటే, రాతపూర్వకంగా తెలిపిన 7 రోజుల లోపు పైఇంటి ఓనర్ నీళ్లు నిలిపే పరీక్షకు ఒప్పుకోవాలి. కిరాయికి ఇచ్చేవాళ్లు ఈ మాట కిరాయి ఒప్పందంలో రాయాలి. పరీక్ష ఖర్చు అసోసియేషన్ పెట్టుకుంటుంది, పరీక్షకు ఒప్పుకోవడం ఖర్చుకు ఒప్పుకోవడం కాదని కూడా తీర్మానంలోనే రాస్తాం. 303 విషయంలో ఇది ముందే ఉండి ఉంటే 31 రోజులకు బదులు 7 రోజుల్లో తేలేది.

501, 502 విషయం టెర్రస్‌ది. వాన నీళ్లు పైపు వైపు వెళ్లకుండా నడుమ ఓ చోట నిలుస్తున్నాయి, అక్కడి పాత పూత పగిలింది. వాలు సరిచేసి, పగుళ్లు నింపి, కొత్తగా వాటర్ ప్రూఫింగ్ చేయాలి. మూడు కొటేషన్లు వచ్చాయి. మూడూ కమిటీ తనంతట తాను ఖర్చు చేయగల పరిమితికి మించినవే, అందుకే జనరల్ బాడీ ఆమోదం కావాలి. అక్కడక్కడా పూత పూసి ఈ ఏడాదికి గడిపేద్దాం అన్నవాళ్లూ కమిటీలో ఉన్నారు, వాళ్ల అభిప్రాయం కూడా సమావేశంలో వింటాం. ఏది చేసినా స్లాబ్ ఎండి ఉండాలి, పూతల మధ్య ఆరనివ్వాలి, పని అయ్యాక నీళ్లు నిలిపి చూడాలి. జూన్‌లో వానలు మొదలైతే ఇవేవీ కుదరవు. ఈ నెల సమావేశంలో కొటేషన్ ఖరారైతే మే నెలలో పని ముగుస్తుంది. కొటేషన్ల నకళ్లు రిజిస్టరు పక్కనే వాచ్‌మన్ గదిలో ఉంచాం, సమావేశానికి ముందే చదివి రండి.

కార్యదర్శి
అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్, నల్గొండ